ఒకరికి పెట్టిన విషం, దయ్యమనుకుని కొట్టిన దెబ్బ

చంపాలనుకున్నది ఒకరిని, చచ్చింది మరొకరు. అప్పుడు చంపినవాడి నేరం తగ్గుతుందా?

ఇలాంటి తెలుగువాళ్ల కేసు ఒకటి 1912లో మద్రాసు హైకోర్టుకు వచ్చింది. సూర్యనారాయణమూర్తి అనే ఆయన బీమా డబ్బు కోసం అప్పల నరసింహులును చంపాలని విషం కలిపిన హల్వా పెట్టాడు. నరసింహులు కొంచెం తిని, రుచి నచ్చక మిగిలింది పారేశాడు. దాన్ని ఆ ఇంట్లో ఉన్న చిన్నపిల్ల ఏరుకుని తిని చనిపోయింది. నరసింహులు బతికాడు.

ఆ పిల్ల చావాలని మూర్తి కోరలేదు. అందుకని ఒక జడ్జి, ఇది హత్య కాదన్నారు. ఇద్దరు జడ్జీలు హత్యేనన్నారు, వాళ్ల మాటే నిలిచింది. మనిషిని చంపాలన్న తలపూ ఉంది, విషమూ పెట్టాడు. మారింది చచ్చిన మనిషి మాత్రమే. ఈ సూత్రం శిక్షాస్మృతి 301వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు న్యాయ సంహిత 102లో ఉంది.

ఇక రెండో కేసు ఒరిస్సాది. 1958లో రసగోవిందపూర్ దగ్గర పాడుబడ్డ విమానాశ్రయం ఉండేది. అక్కడ దయ్యాలు తిరుగుతాయని చుట్టుపక్కల వాళ్ల నమ్మకం. ఒక రాత్రి రామ్ బహదూర్ థాపా అనే నేపాలీ పనివాడికి దూరంగా వెలుగు, దాని చుట్టూ కదిలే ఆకారాలు కనిపించాయి. దయ్యాలే అనుకుని కుక్రీ కత్తితో నరికాడు. తీరా చూస్తే వాళ్లు ఇప్పచెట్టు కింద లాంతరు పెట్టుకుని పువ్వు ఏరుతున్న మాఝీ ఆడవాళ్లు. ఒకామె చనిపోయింది, మరో ఇద్దరు ఆడవాళ్లకు గాయాలయ్యాయి.

కోర్టు అతన్ని వదిలేసింది. ఎదుట ఉన్నది మనిషి అన్న ఎరుకే అతనికి లేదు, మంచి మనసుతోనే పొరబడ్డాడు. ఇంకాస్త జాగ్రత్త పడితే చావు తప్పేదన్నంత మాత్రాన ఆ రక్షణ పోదని కోర్టు చెప్పింది. అప్పుడు అది 79వ సెక్షన్, ఇప్పుడు 17.

ఇప్పపువ్వు ఏరే ఇళ్ల నుంచి వచ్చిన మనకు ఈ తీర్పు మింగుడు పడదు. వెలుగు వాళ్ల చేతిలోనే ఉంది. ఒక్క కేక వేసి పలకరిస్తే పలికేవాళ్లు. శిక్ష లేదంటే తప్పు లేదని కాదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. చిల్లంగి పెట్టాడని ముసలివాణ్ని కొట్టి చంపినవాళ్లు, మాదీ నమ్మకమే కదా అంటారు. అది చెల్లదు. థాపాకు మనిషని తెలియదు, వీళ్లకు తెలుసు. పేరు పెట్టి పిలిచి, గుమ్మంలోంచి లాగి మరీ కొడతారు. అడ్డుపడిన అతని భార్యకు ఆ దెబ్బ తగిలి చనిపోయినా, హల్వా కేసు లెక్కే వర్తిస్తుంది. ఆమెను చంపాలనుకోలేదన్న మాట వాళ్లను కాపాడదు.

కొట్టినవాడు ఏం నమ్మాడన్నది ఒక్కటే అడిగితే చాలదు. ఎదుట ఉన్నది మనిషని అతనికి తెలుసా లేదా అన్నది ముందు తేలాలి.