తాకట్టు కాని తాకట్టు

హైదరాబాద్‌లో చిన్న కంపెనీల్లో ఫ్రెషర్‌గా చేరేవాళ్లలో కొందరికి ఆఫర్ లెటర్‌తో పాటు ఇంకో మాట కూడా వినిపిస్తుంది: "ఒరిజినల్స్ తీసుకురండి, బాండ్ అయ్యేదాకా మా దగ్గరే ఉంటాయి." కొన్నిచోట్ల వాటి బదులు యాభై వేలో, లక్షో డిపాజిట్ అడుగుతారు. ఇది అన్యాయమని మనందరికీ అనిపిస్తుంది. కానీ "చదువుకునే సంతకం పెట్టాడుగా, ఎవరు బలవంతం చేశారు?" అని ఎవరైనా అడిగితే చప్పున జవాబు తట్టదు.

ముందు కంపెనీ బాధ విందాం, అది అబద్ధం కాదు. ఏమీ రాని కుర్రాడికి మూడు నెలలు జీతమిచ్చి పని నేర్పిస్తే, నాలుగో నెలలో అతను పెద్ద కంపెనీకి వెళ్లిపోతాడు. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి సర్టిఫికెట్లు పట్టుకోవడం జవాబా?

తాకట్టు ఎలా పనిచేస్తుందో చూడండి. బంగారం తాకట్టు పెడితే అప్పు తీరకపోయినా షావుకారు దాన్ని అమ్మి తన డబ్బు రాబట్టుకుంటాడు. ఆ వస్తువుకి ఇద్దరి దగ్గరా విలువ ఉంది. నా బీటెక్ మార్కుల మెమోని కంపెనీ ఎవరికి అమ్ముతుంది? దాని చేతిలో అది ఉత్త కాగితం. నా చేతిలో లేకపోతే మాత్రం నా తర్వాతి ఉద్యోగం ఆగిపోతుంది. పట్టుకున్నవాడికి సున్నా, పోగొట్టుకున్నవాడికి సర్వస్వం. దీన్ని తాకట్టు అనలేం, బందీగా పట్టుకోవడం అనాలి.

సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో ఇలాంటి మాటే చెప్పింది. ఫీజు బాకీ ఉందని ఒక వకీలు తన క్లయింటు బ్యాంకు ఫైళ్లు తిరిగివ్వలేదు. కాంట్రాక్ట్ చట్టం 171వ సెక్షన్ ప్రకారం బాకీ కోసం పట్టుకోవాలంటే ఆ వస్తువు డబ్బుగా మారేదై ఉండాలని, కేసు ఫైళ్లు అలాంటివి కావని కోర్టు తేల్చింది. ఆ తీర్పు వకీళ్ల గురించే, యజమానుల గురించి కాదు. కానీ ఆ తర్కం డిగ్రీ సర్టిఫికెట్‌కి కూడా అతుకుతుందనే నా అభిప్రాయం.

ఇప్పుడొక లెక్క వేసుకుందాం. రెండేళ్ల బాండ్, మధ్యలో మానేస్తే రెండు లక్షలు. కుర్రాడు పద్నాలుగు నెలలు పనిచేసి రాజీనామా ఇచ్చాడు. కంపెనీ కోర్టుకి వెళితే 74వ సెక్షన్ వర్తిస్తుంది. బాండ్‌లో రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, దానికి లోబడి సబబైన పరిహారం ఎంతో కోర్టు చూస్తుంది. ట్రైనింగ్ నిజంగా ఎన్ని వారాలిచ్చారు? ఏ నెల నుంచి అతని పనికి క్లయింటు దగ్గర బిల్లు వసూలు చేశారు? మిగిలిన పది నెలల లెక్కన చూసినా అది సుమారు 83 వేలు. కానీ వాళ్ల బీరువాలో ఒరిజినల్స్ ఉంటే ఈ ప్రశ్నలు అడిగేవాడే ఉండడు. కొత్త కంపెనీలో డాక్యుమెంట్ వెరిఫికేషన్‌కి పది రోజులే టైముంటే, ఇంట్లోవాళ్లు అప్పు తెచ్చి రెండు లక్షలూ కట్టేస్తారు. నష్టం ఎంతో రుజువు చేయాల్సిన పనే కంపెనీకి పడదు.

బాండ్లన్నీ చెల్లవని నేననడం లేదు. మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతుని సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. ప్రభుత్వరంగ బ్యాంకు మళ్లీ బహిరంగ నియామకం జరపాలంటే అయ్యే ఖర్చుని లెక్కలోకి తీసుకుంది. అక్కడ జరిగింది చూడండి: ఉద్యోగి అభ్యంతరం చెబుతూనే డబ్బు కట్టి వేరే బ్యాంకులో చేరాడు, తర్వాత కోర్టులో వాదించాడు. ఓడిపోయాడు, కానీ అతని వాదన విన్నారు. డబ్బు గొడవలో ఆ వీలుంటుంది. డిపాజిట్ కూడా నాకు నచ్చదు, కానీ దాంట్లో పోయేదెంతో ముందే తెలుసు. సర్టిఫికెట్ల విషయంలో ఆ హద్దు కూడా లేదు.

పోలీస్ స్టేషన్‌లో పోయాయని రాసిచ్చి యూనివర్సిటీ నుంచి డూప్లికేట్ తెచ్చుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పోలేదుగా! ఎక్కడున్నాయో తెలిసి కూడా పోయాయని అఫిడవిట్ ఇస్తే తప్పు మన మెడకే చుట్టుకుంటుంది. ఇచ్చేసినవాళ్లు ఏయే సర్టిఫికెట్లు ఏ తేదీన ఇచ్చారో ఆ జాబితా మీద కంపెనీ స్టాంపుతో రసీదు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే కనీసం ఈమెయిల్‌లోనైనా ఒప్పించుకోవాలి. లీగల్ నోటీసు ఇవ్వాల్సి వస్తే పనికొచ్చేది అదే.

ఒరిజినల్స్ నిజమైనవో కాదో చూడటానికి వాటిని ఉంచుకోనక్కర్లేదు. కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్స్ చూసి తిరిగిచ్చేయాలని, స్వయంగా ధృవీకరించిన కాపీలు మాత్రమే ఉంచుకోవాలని యూజీసీ 2018లోనే చెప్పింది. అది కంపెనీలకి వర్తించే నియమం కాదు, కానీ పద్ధతి మాత్రం అదే సరిపోతుంది.

ఇక ఆ సంతకం సంగతి. మధ్యలో మానేస్తే కంపెనీ నష్టం భరిస్తానని కుర్రాడు ఒప్పుకున్నాడు, సరే. ఆ నష్టం ఎంతో కంపెనీయే తేలుస్తుందని, తేలేదాకా తను ఇంకెక్కడా బతకకూడదని కూడా ఒప్పుకున్నట్టేనా? మొదటిది ఒప్పందం. రెండోది, తగాదా వచ్చినప్పుడు నోరెత్తే వీలుని ముందే వదులుకోవడం. మొదటి జీతం కోసం ఎదురుచూస్తున్నవాడి చేత అది రాయించుకుని, దానికి సమ్మతి అని పేరు పెట్టడం నాకు ఒప్పుదలగా లేదు.