మంచివాడని వ్రాసిన చాలునా?

గత నెలలో ఒక బాలుర వసతిగృహము నుండి మాకు ఉత్తరము వచ్చెను. మా సువార్త బృందములో మునుపు పనిచేసిన ఒక సహోదరుడు అక్కడ స్టోరు చూచు పనికి దరఖాస్తు పెట్టుకొనెను. అతనిని ఎంతకాలముగా ఎరుగుదురు, డబ్బును సరుకును నమ్మి అప్పగింపవచ్చునా అని వారడిగిరి.

మొదట "మంచివాడు, భక్తిపరుడు, కష్టజీవి" అని వ్రాసి సంతకము చేయబోతిమి. అంతలో చేయి ఆగెను. అతడు బృందపు లెక్కలు చూచినప్పుడు ఒకసారి నాలుగు నెలల పద్దు పుస్తకములో ఎక్కనే లేదు. కమిటీవారు రసీదులన్నియు పరచి కూడగా ఒక్క రూపాయియు తగ్గలేదు. అయినను స్టోరులో బియ్యపు పద్దు అట్లు వెనుకబడినచో, బస్తాలు ఎన్ని మిగిలినవో ఎవరికిని తెలియక, పస్తుండువారు పిల్లలే గదా! మన మంచితనమునకు వారెందుకు వెల చెల్లింపవలెను?

ఆ కాగితము చించి, "లెక్కలలో నమ్మదగినవాడు కాడు" అని వ్రాసితిమి. మరల చదువుకొనగా సిగ్గు కలిగెను. చదివినవారు అతడు దొంగిలించెననియే తలంతురు. ఆనాటి మా కోపమే అందులో మాటలాడుచుండెను.

అప్పుడు ఫిలేమోనునకు పౌలు వ్రాసిన పత్రిక తీసితిమి. ఇరువదియైదు వచనములే. ఒనేసిము మునుపు పనికిరానివాడై యుండెనని పౌలు దాచలేదు. అతడు నష్టము కలిగించెనని రూఢిగా చెప్పనూలేదు. ఒకవేళ బాకీ యున్నయెడల తన లెక్కలో వేయుమనెను. ఆ "ఒకవేళ" అనుదానిని మేమెన్నడును అంతగా గమనించి యుండలేదు. తాను చూచినది ఒకటి, చూడనిది ఒకటి.

మూడవసారి వ్రాసినది ఆ సహోదరుని పిలిచి చదివి వినిపించితిమి. "అయ్యగారూ, నాలుగు కాదు, మూడు నెలలే" అనెను. పుస్తకము తీసి చూడగా మూడే. కోపము మా జ్ఞాపకములో ఒక నెల కలిపినది! దిద్దితిమి. ఆ దినములలో అతని భార్య ఆసుపత్రిలో నుండెను. అది వారి యింటి సంగతి గనుక, వ్రాయవచ్చునా అని అడిగితిమి. కొంతసేపు తలవంచుకొని, "వ్రాయండి, జబ్బు పేరు మాత్రము వద్దు" అనెను. ఆలస్యమను మాటయే తీసివేయుమని కూడ కోరెను. అది మాత్రము తీయలేదు.

చివరకు పంపినది ఇది: మూడేండ్లు మాతో పనిచేసెను. ఇంటిలో జబ్బు వలన మూడు నెలలు లెక్క ఆలస్యమైనది, సొమ్ము తగ్గలేదు. హెచ్చరించిన తరువాత ఒక యేడు ప్రతి శనివారము పుస్తకము తెచ్చి చూపెను. సరుకు నిలువ చూచుట మేమెరుగము. వారమునకొకసారి పద్దు చూచువారుండినచో మా స్టోరైనను అతనికి అప్పగింతుము. అతడు మునుపున్న ఊరిలో ఏదో తగవు జరిగెనని విన్నాము. చూడలేదు గనుక వ్రాయలేదు.

వారియొద్దనుండి జవాబు ఇంకను రాలేదు. ఆదివారము ఆ సహోదరుడు వందనములు చెప్పెను గాని, ఎప్పటివలె మాటలాడుటకు నిలువలేదు.