ప్రభ వీడియోలో ఎన్ని సెకన్లు మనవి?

శివరాత్రికి కోటప్పకొండ ప్రభల మీద నేను చేసిన 58 సెకన్ల షార్ట్ గుర్తుందా? దాని మొదటి ఎడిట్‌లో 40 సెకన్లు నరసరావుపేట వైపు ఒక కుర్రాడు తీసిన వీడియోవే. కింద ఆయన ఛానల్ పేరు వేశాను కదా, సరిపోతుందనుకున్నాను. కానీ పేరు వేయడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు.

చాలామంది "7 సెకన్ల లోపు వాడితే ఏం కాదు" అంటారు. మన కాపీరైట్ చట్టం 1957లో అలాంటి లెక్కేమీ లేదు. సెక్షన్ 52 విమర్శకి, సమీక్షకి న్యాయమైన వాడకాన్ని ఒప్పుకుంటుంది. 1996లో ఒక మలయాళ నాటకం కేసులో కేరళ హైకోర్టు మూడు విషయాలు చూడాలంది: వ్యాఖ్యతో పోలిస్తే తీసుకున్నదాని పరిమాణమూ విలువా ఎంత, ఎందుకు తీసుకున్నారు, అసలుదానికి ఇది పోటీ అవుతుందా.

నేను నా గొంతు మ్యూట్ చేసి షార్ట్ చూశాను. అయినా బాగానే ఉంది! అంటే జనం చూసేది ఆయన కష్టాన్నే, నా మాటల్ని కాదు. ఇంక ఆయన వీడియోకి ఎవరు వెళ్తారు?

అప్పుడు ఒక్కో వాక్యం దగ్గర ఆగాను. "వెదురు కట్టు ఇలా ఉంటుంది" అన్నచోట 5 సెకన్లు కావాలి. "మోకులతో నిలబెడతారు" అన్నచోట 6. ప్రభ మొత్తం ఒక్కసారిగా లైట్లు వెలిగే షాట్ 4 సెకన్లే, కానీ ఆ వీడియోకి ప్రాణం అదే. దాని గురించి నేను చెప్పేదేమీ లేదు, అందుకే తీసేశాను. వెనక వినిపించే పాట హక్కులు ఇంకొకరివి కాబట్టి ఆ ఆడియో కూడా తీసేశాను.

ప్రభ ఒరిగే షాట్ దగ్గర మాత్రం తకరారు వచ్చింది. 3 సెకన్లకే కట్ చేస్తే పడిపోతోందేమో అనిపిస్తుంది. నిజానికి ఆ వెంటనే జనం మోకులు లాగి నిలబెట్టారు. అందుకని ఇంకో 3 సెకన్లు కలిపాను. తగ్గించడమే ఎప్పుడూ ధర్మం కాదండి. సగం చూపిస్తే ఆ ఊరివాళ్ల మీద అబద్ధం చెప్పినట్టే.

చివరికి మొత్తం 17 సెకన్లు. మిగతా చోట్ల నేను గీసిన బొమ్మలు పెట్టాను. ఆ అబ్బాయికి మెసేజ్ పెడితే, "లైట్ల షాట్ ఎందుకు తీశావ్ అన్నా, వాడుకోవాల్సింది" అన్నాడు. అది ఆయన ఇస్తే తీసుకోవాల్సింది. అడగకుండా తీసుకుంటే అస్తేయం అనే మాటకి అర్థమేముంది?

మీరైతే ఆ 3 సెకన్లు కలిపేవారా?

ఓం నమః శివాయ.