పోయేది, పోనిది

పండుమిరపకాయలు 100 కిలోలు. అందులో నీరు 73 శాతం. కల్లంలో ఆరబోశాక తేమ 10 శాతానికి దిగింది. ఎండుమిర్చి ఎన్ని కిలోలు వస్తుంది?

పర్చూరు వైపు మా ఊళ్లో, తాతయ్య దగ్గర ఉండి చదువుకుంటున్న మావాడి వర్క్‌షీట్‌లో లెక్క ఇది. దోహాలో ఉన్న నేను, వీడియో కాల్‌లో వాడు చూపించిన కాగితాన్ని రెండో ఫోన్‌తో ఫోటో తీసుకుని, లెక్క చేసి ‘30’ అని పంపేశాను. నెలనెలా ఇంటికి డబ్బు పంపే చేయి, జవాబునూ అలాగే పంపుతుంది.

మర్నాడు అదే లెక్క, అంకెలు వేరు: 60 కిలోలు, 70 శాతం నీరు. రావలసింది 20. వాడు 24 అని రాశాడు.

అప్పుడు ముందురోజు ఫోటో మళ్లీ తెరిచాను. మూలన పెన్సిల్‌తో 37 అని ఉంది. 73లోంచి 10 తీస్తే 63, వందలోంచి 63 పోతే 37. వాడి ఆలోచనంతా ఆ మూలనే ఉంది. నేను చూసింది ప్రశ్నను మాత్రమే. 73 శాతం పచ్చికాయల బరువులో, 10 శాతం ఎండుకాయల బరువులో. వాడు రెండింటినీ ఒకే వందలోంచి తీశాడు. పెద్దవాళ్లం కూడా శాతాలను ఇలాగే తీసేస్తుంటాం లెండి.

ఈసారి అంకె చెప్పలేదు. "కల్లంలో ఎండేటప్పుడు ఏది పోతుందిరా, ఏది పోదు?" అని అడిగాను.

"నీళ్లు పోతాయి. తొక్కా గింజా ఎక్కడికీ పోవు."

"అవెంత?"

"27 కిలోలు."

"మరి 37 కిలోలుంటే, మిగతాది?"

కాసేపు ఆగి, "10 కిలోల నీళ్లు" అన్నాడు. 37లో 10 అంటే 27 శాతం తేమ. పక్కనే ఉన్న తాతయ్య అందుకుని, "అంత తేమతో బస్తాలు తొక్కితే బూజు పట్టిపోద్ది, యార్డులో ఎవడు కొంటాడు?" అన్నారు. ఆయన శాతాలు కట్టరు, కాయను చెవి దగ్గర ఊపి గింజల చప్పుడు వింటారు. 37 ఎందుకు తప్పో నాకన్నా బాగా చెప్పింది ఆయనే.

మిగతాది వాడే చేశాడు. ఎండుకాయల్లో నీరు పదో వంతయితే, ఆ 27 కిలోలు తొమ్మిది వంతులు. ఒక వంతు 3. మొత్తం 30. రెండో లెక్కలో పోనిది 18 కిలోలు, ఒక వంతు 2, మొత్తం 20.

నిజానికి నేను నేర్పిన సూత్రమేమీ లేదు. వాడు ఎక్కడ పక్కకు మళ్లాడో తెలిశాక, అడగాల్సిన ప్రశ్న దానంతటదే దొరికింది. ఒట్టి 30 పంపినప్పుడు ఆ మలుపు వాడికీ కనబడలేదు, నాకూ కనబడలేదు.

ఫోన్ పెట్టేయబోతుంటే వాడే అడిగాడు: "నాన్నా, పత్తికి 8 శాతం తేమే లెక్కంటారుగా. 12 ఉన్న క్వింటా 8కి దిగితే 96 కిలోలేనా?"

"ముందు అందులో పోనిదెంతో చెప్పు."

"88."

ఆ తర్వాత భాగహారం మొదలుపెట్టాడు.