మొదటి జీతం



ఒకటో తారీఖున జీతం చేతికొచ్చింది.
బీసెంట్ రోడ్డులో నాకని చెప్పులు బేరమాడి, వదిలేసి
వన్‌టౌన్ వస్త్రలతకు నడిచాను.

అమ్మకు మంగళగిరి నేత చీర, నిజాం అంచుది.
"రంగు పోదండీ" అన్నాడు కొట్టాయన.
పోయినా అమ్మ ఒప్పుకోదని ఆయనకేం తెలుసు!

తాతయ్యకు అరకిలో బందరు తొక్కుడు లడ్డు.
సెనగపిండి పూసను దంచి, జల్లించి,
పాకం పోసి మళ్లీ దంచి చుడతారు.
పళ్లులేని నోటికి అంతకన్నా మర్యాద ఏముంది?

అవనిగడ్డ బస్సు దిగి ఇంటికెళ్లగానే
అమ్మ అడిగింది ధరే.
భయపడి సగమే చెప్పాను.

బిల్లు మాత్రం నాన్న చూశారు.
నా ఫీజులకు ఏటా అప్పుచేసి
అమ్మకు సగమే చెప్పిన మనిషి,
మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇంత చవకైతే పిన్నికీ, అత్తకీ చెరొకటి తీసుకురారా!" అంది అమ్మ.
రెండో జీతం అక్కడికి సరి.