ఇతరములు – 500

లెక్క రాస్తే ఖర్చు తగ్గుతుందంటారు. నేను నమ్మను. పొద్దున చీర కొని, రాత్రి దాన్ని బుద్ధిగా పద్దు వేసుకున్నవాళ్లను చూశాను. పద్దూ పడింది, చీరా బీరువాలోకి చేరింది. మరి లెక్క దేనికి, ఎవరికి చెప్పుకోవడానికి? మా అత్తయ్యా మా అబ్బాయీ వాదించుకున్న రోజు నుంచి ఈ అనుమానం నన్ను వదలడం లేదు.

నెలాఖరు. అత్తయ్య డైరీలో ఖర్చు 16,000. వాడు ఆవిడ ఫోన్లో పెట్టిన యాప్‌లో 21,500.

"ఫోన్ అబద్ధం చెప్పదు నానమ్మా. నువ్వే ఏదో మర్చిపోయుంటావు."

"మర్చిపోతే నిల్వ తేలదు కదరా. కూర్చో."

మొదటి తేదీ నిల్వకి ఆ నెల వచ్చిన డబ్బు కలిపింది. అందులోంచి ఖర్చూ, చీటీకి కట్టిందీ, చేబదులిచ్చిందీ తీసేసింది. మిగిలిన అంకె పెట్టెలో, బ్యాంకులో ఉన్న డబ్బుతో సరిపోయింది. అప్పుడు వాడు యాప్‌లో వెతకడం మొదలుపెట్టాడు. అది బ్యాంకు మెసేజ్‌లు చదివి, ఖాతాలోంచి పోయిందల్లా ఖర్చు కింద కట్టేస్తోంది. చీటీకి 3,000, పక్కింటావిడకి చేబదులు 1,000, రెండూ ఖర్చే దానికి. ఏటీఎంలో తీసిన 2,000 కూడా ఖర్చే, అందులో 1,500 ఇంకా పెట్టెలోనే ఉన్నా. ఇక్కడికి 5,500 తేడా తేలిపోయింది.

వాడు అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. "సరే, ఆ మిగతా 500 ఏమైంది? డైరీలో 'ఇతరములు' అని రాశావు. అది లెక్కెలా అవుతుంది?"

"నాకు తెలుసు. చాలు."

"అదే ఫోన్లో కట్టుంటే ఎవరికిచ్చావో పేరుతో సహా ఉండేది."

"అందుకే ఫోన్లో కట్టలేదు."

నాకు ముందు వాడిదే న్యాయమనిపించింది. దాచిపెట్టే లెక్క లెక్కేమిటి? తర్వాత ఆలోచిస్తే, ఆవిడ అంకె దాచలేదు. 500 పోయిందని ఒప్పుకుని రాసింది, కాబట్టే నిల్వ తేలింది. కారణం మాత్రం తన దగ్గర ఉంచుకుంది. అంకె ఇంటిది, కారణం ఆవిడది. ఈ పంపకం నాకు నచ్చింది.

నచ్చిందే కానీ నిలబడటం లేదు. 'ఇతరములు' అని మా ఆయన 5,000 ఎదురుగా రాస్తే ఊరుకుంటానా? ఊరుకోను. అయితే నేను ఒప్పుకున్నది సూత్రాన్ని కాదు, 500ని. ఎంత దాకా ఒప్పుకోవచ్చో ఏ డైరీ చెబుతుంది?

ఒకటి మాత్రం తెలిసింది. మా ఖాతా మెసేజ్‌లు మా ఆయన ఫోన్‌కి వెళ్తాయి. మా చెల్లెలికి ఏమైనా ఇవ్వాలనుకున్నప్పుడు నేనూ ఏటీఎంకే వెళ్తాను. చిల్లర కోసమని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. డైరీ రాయని నాకు నోటే 'ఇతరములు'. తేడా ఏమిటంటే, అత్తయ్య ఆ మాట రాసి ఎదురుగా అంకె వేస్తుంది. నేను అదీ వెయ్యను.