పదకొండో రెప్

"అన్నా, ఇంతకీ క్రియాటిన్ పనిచేస్తుందా, చెయ్యదా?"

మా రూమ్మేట్ అడిగిన ప్రశ్న ఇది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. జీతంలో సగం ఇంటికి పంపిస్తాడు. డబ్బా కొనాలా వద్దా అని వారం రోజులుగా లెక్కలేసుకుంటున్నాడు. నేను ఎనిమిది వారాల పాటు ప్రతి శనివారం జిమ్‌లో నోట్‌బుక్ పట్టుకుని తిరగడం చూశాడు కాబట్టి, "నీ బుక్‌లో ఉంటుంది కదా, చూసి చెప్పు" అన్నాడు. ఔను, కాదు అని ఒక్క మాటలో చెప్పగలిగే ప్రశ్నే. అయినా నా దగ్గర జవాబు లేదు. అబద్ధం చెప్పకుండా వాడికి ఏం చెప్పగలను అని ఆ రాత్రి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను.

ముందు ఆ తెల్లపొడి చేసే పనేమిటో చెప్పాలి. మా అమ్మ ఫోన్‌లో "అది స్టెరాయిడా?" అని అడిగింది. కాదు. మన ఒంట్లోనే కొంత తయారవుతుంది, మాంసం, చేపల నుంచి కొంత వస్తుంది. బరువైన బార్‌ని ఎత్తే మొదటి కొద్ది సెకన్లలో కండరం తన దగ్గరున్న శక్తిని గబగబా ఖర్చు పెట్టేస్తుంది. దాన్ని మళ్లీ నింపే నిల్వల్లో క్రియాటిన్ ఒకటి. ఆ నిల్వ కాస్త పెరిగితే, సెట్ చివర్లో చేతులు వణికే చోట ఇంకో రెప్ రావచ్చు. అంతే. హనుమంతుడు సంజీవని మోసుకొచ్చినంత కథేమీ లేదు. కాబట్టి నేను వెతుకుతున్నది ఒక్క రెప్పు కోసం. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే.

నా పద్ధతి ఇది. మొదటి నాలుగు వారాలు ఏమీ వేసుకోకుండా, తర్వాతి నాలుగు వారాలు క్రియాటిన్ వేసుకుంటూ అదే వ్యాయామం. రోజుకు 3 నుంచి 5 గ్రాములు వేసుకుంటే కండరాలు నిండడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. నా దగ్గర ఉన్నవే నాలుగు వారాలు. అందుకని మొదటి ఐదు రోజులు రోజుకు 20 గ్రాములు, నాలుగు భాగాలుగా చేసి తాగాను, ఆ తర్వాత రోజుకు 5. ప్రతి శనివారం పొద్దున ఆరున్నరకు, అదే బెంచీ, అదే బార్, 60 కిలోలు, ఇక చేతకాదు అనేదాకా. బార్ ఛాతీకి తగిలి పైకి పూర్తిగా లేస్తేనే రెప్. వెనక నిలబడ్డవాడి వేలు తగిలితే లెక్కలోకి రాదు. ఈ నియమాలన్నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. పక్కన రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయానో, లేవగానే బరువెంతో రాయడానికి రెండు గడులు.

క్రియాటిన్ లేని నాలుగు శనివారాలు: 7, 9, 8, 9. క్రియాటిన్‌తో నాలుగు శనివారాలు: 9, 10, 9, 11.

చూడగానే ఎవరికైనా సంతోషం కలుగుతుంది. నాకూ కలిగింది. సగటు 8.25 నుంచి 9.75కి, అంటే ఒకటిన్నర రెప్పు పెరిగింది. ఆ శనివారం ఇంటికొస్తూ దారిలో దోసె తిని, డబ్బా కంపెనీకి ఐదు నక్షత్రాలు ఇచ్చేశాను కూడా.

మర్నాడు ఆ చివరి 11 దగ్గర ఆగాను. ఆరోజు బార్ వెనక నిలబడింది మా రూమ్మేటే. పదకొండోది సగం దాకా లేచి ఆగిపోయింది. వాడు "పో అన్నా, పో పో" అని అరుస్తూ రెండు వేళ్లు కింద పెట్టాడు. తగిలాయా? తగిలాయి. నాకు తెలుసు. వాడు లేపలేదు, నేనే లేపాను అని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ కొంచెం అలాగే అనిపిస్తుంది. కానీ మొదటి పేజీలో రాసుకున్నది "లేపితే" అని కాదు, "తగిలితే" అని. మొదటి వారంలో ఇలాగే ఎనిమిదోది వేలు తగిలి లేచినప్పుడు నిక్కచ్చిగా 7 అని రాశాను. అప్పుడు అలా రాయడానికి నాకేమీ కష్టం కాలేదు. క్రియాటిన్ లేని వారంలో తక్కువ రాస్తే నా ఆశకు నష్టం లేదు, పైగా లాభం. క్రియాటిన్ ఉన్న వారంలో మాత్రం చెయ్యి దానంతటదే పెద్ద అంకె రాసింది. నేనేమీ మోసం చెయ్యాలనుకోలేదు. మోసం అనేంత పెద్ద పనైతే పట్టుకునేవాణ్నే. 11 కొట్టేసి 10 రాశాను. సగటు 9.5 అయింది.

ఒక్క వేలు పావు రెప్పు తినేసింది. సరే, ఇంకా ఒకటింబావు మిగిలింది కదా అనుకున్నాను.

అప్పుడు మొదటి నాలుగు అంకెల్ని మళ్లీ చూశాను. 7, 9, 8, 9. క్రియాటిన్ లేకుండానే పెరుగుతున్నాయి. వీటి మీదుగా ఒక గీత గీస్తే వారానికి అర రెప్పు చొప్పున పైకి పోతుంది. అదే వేగం మరో నాలుగు వారాలు సాగితే, ఏ పొడీ లేకుండా రెండో నెల సగటు 10.25 రావాలి. నాకొచ్చింది 9.5. అంటే ఈ లెక్కన క్రియాటిన్ నా బలాన్ని తగ్గించినట్టు! అవే ఎనిమిది అంకెలు, ఒక రకంగా చూస్తే పొడి గెలిచింది, ఇంకో రకంగా చూస్తే ఓడింది.

ఇందులో ఏది నిజం? నిద్ర గడి చూస్తే కథ ఇంకో మలుపు తిరిగింది. మొదటి శనివారం ముందు రాత్రి నిద్ర 4 గంటలు. పెళ్లి నుంచి బస్సులో వచ్చి, బ్యాగు గదిలో పడేసి, నేరుగా జిమ్‌కి వెళ్లిన రోజు. ఆ 7ని తీసేస్తే మిగిలినవి 9, 8, 9. గీత చదునైపోయింది. పెరుగుదల లేదు. కాబట్టి తర్వాత వచ్చిన పెరుగుదల క్రియాటిన్ ఖాతాలోకి వెళ్తుంది, దాదాపు ఒక రెప్పు. అంటే ఒక పెళ్లి బస్సు ఎక్కామా లేదా అన్నదాన్ని బట్టి తీర్పు మారిపోతోంది.

మరి ఆ 7ని తీసెయ్యొచ్చా? కారణం గట్టిదే, 4 గంటల నిద్రతో ఎవరు మాత్రం ఎత్తగలరు. కానీ ఏడో వారంలో వచ్చిన 9 దగ్గర నిద్ర 5 గంటలే. దాన్ని తీసెయ్యాలని నాకు తట్టలేదే! ఐదు గంటల కన్నా తక్కువైతే ఆ రోజు లెక్కలోకి రాదు అని మొదటి పేజీలో ముందే రాసి ఉంటే ఆ నియమం నాకూ వర్తించేది, క్రియాటిన్‌కూ వర్తించేది. ఫలితం చూశాక రాసే నియమం ఎంత న్యాయంగా కనిపించినా అది నాకు నేను రాసుకున్న సిఫార్సు ఉత్తరం. 7ని ఉంచేశాను. అది కరెక్టని కాదు, తీసే హక్కు నేను అప్పటికే పోగొట్టుకున్నానని.

బరువు గడి ఒక్కటే పొల్లుపోకుండా మాట్లాడింది. 20 గ్రాముల వారంలో 71.2 కిలోల నుంచి 72.4కి వచ్చాను. అది కండ కాదు, నీళ్లు. కండరంలోకి క్రియాటిన్‌తో పాటు నీరు కూడా చేరుతుంది. పొడి లోపలికి వెళ్లిందనడానికి అది సూచన. కానీ దానివల్లే ఇంకో చిక్కు వచ్చింది. అద్దంలో చొక్కా కాస్త బిగుతుగా కనిపించింది. నేను ఏదో వేసుకుంటున్నాననే సంగతి నాకు రోజూ గుర్తు చేసింది. ఆ ధీమాతోనే శనివారం బార్ కింద పడుకున్నాను.

ధీమా బరువులెత్తగలదా? ఎత్తగలదు. 1972లో ఏరియల్, సావిల్ అనే ఇద్దరు పరిశోధకులు వెయిట్‌లిఫ్టింగ్ చేసేవాళ్లకు స్టెరాయిడ్ ఇస్తున్నామని చెప్పి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. స్టెరాయిడ్ అనుకుని మింగిన వాళ్ల బలం మునుపటి కంటే వేగంగా పెరిగింది. నా ఒకటింబావు రెప్పులో క్రియాటిన్ వాటా ఎంత, నమ్మకం వాటా ఎంత అనేది ఈ నోట్‌బుక్‌లోంచి విడదీయలేను. మా రూమ్మేట్‌తో రెండు రకాల పొట్లాలు కట్టించుకుని, ఏది దేనిదో వాడి దగ్గరే రహస్యంగా ఉంచమని ఉంటే కొంత నయం. అప్పుడు కూడా పొద్దున బరువు చూసుకుంటే గుట్టు రట్టయ్యేది.

పోనీ ఆపేసి చూద్దామా? ఆపిన నాలుగు నుంచి ఆరు వారాలకు కండరంలో నిల్వ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. కానీ ఈ ఎనిమిది వారాల్లో నేర్చుకున్న బలం అలా వెనక్కి పోదు. పొడి పోయినా రెప్పులు తగ్గకపోతే, పొడి వల్ల ఏమీ జరగలేదనా, లేక దాని సాయంతో కట్టిన కండ నిలిచిందనా? నిద్రమాత్రనైతే ఇలా వేసుకుని, ఆపి, మళ్లీ వేసుకుని పరీక్షించొచ్చు. ఎదుగుతున్న ఒంటికి మళ్లీ మొదటి రోజంటూ ఉండదు.

ఇంకో తప్పు చాలా ఆలస్యంగా తెలిసింది. క్రియాటిన్ సాయం బాగా కనిపించాల్సింది తక్కువ విశ్రాంతితో వరసగా చేసే రెండో, మూడో సెట్లలో. నేను జాగ్రత్తగా కొలిచింది పూర్తిగా అలిసిపోకముందు చేసే మొదటి సెట్టు. మూడో సెట్టూ రాశాను గానీ, మధ్యలో ఎంతసేపు కూర్చున్నానో రాయలేదు. ఒకరోజు పక్కబెంచీ ఆయనతో క్రికెట్ కబుర్లలో పడి పది నిమిషాలు కూర్చున్న జ్ఞాపకం కూడా ఉంది. ఆ అంకెలు ఇప్పుడు ఎందుకూ పనికిరావు.

2003లో రాసన్, వోలెక్ అనే ఇద్దరు 22 అధ్యయనాలను కలిపి చూశారు. వ్యాయామంతో పాటు క్రియాటిన్ వేసుకున్నవాళ్ల బలం సగటున 20 శాతం పెరిగింది, ఉత్తుత్తి పొడి వేసుకున్నవాళ్లది 12 శాతం. నన్ను ఆపింది ఆ 20 కాదు, 12. ఆ రెండో గుంపులో ఒకడు నాలాగే నోట్‌బుక్ రాసుకుని ఉంటే, అందులోనూ అంకెలు పైకే వెళ్లి ఉంటాయి. వాడు కూడా దోసె తిని ఐదు నక్షత్రాలు ఇచ్చేవాడు. ఆ ఎనిమిది శాతం తేడా కనబడాలంటే రెండు గుంపులూ పక్కపక్కన ఉండాలి. నేను ఒక్కణ్నే ఉన్నాను. ఒకే మనిషి రెండు జీవితాలు పక్కపక్కన బతకలేడు కదా.

అందుకని మా రూమ్మేట్‌తో ఇలా అన్నాను. "నా బుక్ ఏమీ చెప్పలేదురా. చాలామంది మీద చేసిన పరీక్షలు మాత్రం పనిచేస్తుందనే చెప్తున్నాయి, కొంచెం. కొంతమందికి పెద్దగా తేడా ఉండదు. నువ్వు మాంసం తినవు కాబట్టి నీ కండల్లో నిల్వ నాకంటే తక్కువుండే అవకాశం ఉంది, నీకు ఎక్కువ తేడా రావచ్చు. 250 గ్రాముల డబ్బా, రోజుకు 3 గ్రాములైతే దాదాపు 83 రోజులు వస్తుంది. ఈ నెల ఇంటికి పంపేదాంట్లో తగ్గించి మాత్రం కొనకు."

కాసేపు ఆలోచించాడు. "మరి నువ్వు ఆపేస్తున్నావా?"

"లేదు."

"బుక్ ఏమీ చెప్పలేదన్నావుగా?"

పరీక్షలు చెప్పాయి కదా అన్నాను. అది నిజమే. చొక్కా బిగుతుగా ఉంటే బాగుంటుందన్నది కూడా నిజమే గానీ, అది వాడికి చెప్పలేదు.

వాడు డబ్బా కొనలేదు, నోట్‌బుక్ కొన్నాడు. నిన్న శనివారం బార్ కింద వాడున్నాడు, వెనక నేను. 40 కిలోలు. ఏడోది సగంలో ఆగి వణికింది. నా చేతులు వాటంతటవే కిందకి వెళ్లాయి. బార్ స్టాండ్ మీద పెట్టి, ఎగశ్వాసతోనే పెన్ను అందుకుని, "తగిలిందా అన్నా?" అని అడిగాడు.

తగిలింది అన్నాను. 6 అని రాసుకున్నాడు.